గోధుమ మానేసే ముందు ఒక రక్త పరీక్ష

మంగ్లా, బిలాస్‌పూర్



ఈమధ్య మీ దగ్గర్నుంచి వస్తున్న ఉత్తరాల్లో గోధుమల గొడవే ఎక్కువగా ఉంటోంది. "చపాతీలు మానేసి మూడు వారాలైంది, కడుపుబ్బరం పోయింది, నాకు సీలియాక్ జబ్బు ఉన్నట్టేనా?" అని కొందరు అడుగుతున్నారు. "మనం తరతరాలుగా అన్నం తినేవాళ్లం కదా, ఉత్తరాది వాళ్ల జబ్బు మనకెందుకొస్తుంది?" అని మరికొందరు. మొదటి ప్రశ్నకు జవాబు: ఉందో లేదో చెప్పలేం, మానేసి రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమవుతుంది. రెండో ప్రశ్నకు జవాబు: మనకూ రావచ్చు. ఎందుకో వివరంగా రాస్తాను.

గోధుమ తిని ఇబ్బంది పడేవాళ్లలో ముఖ్యంగా మూడు రకాలున్నారు. మొదటిది సీలియాక్ జబ్బు. గోధుమలోనూ బార్లీలోనూ రై అనే ధాన్యంలోనూ ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు కడుపులోకి వెళ్లినప్పుడల్లా, ఒంట్లోని రోగనిరోధక శక్తి తిరగబడి చిన్నపేగు లోపలి పొరను తానే దెబ్బతీస్తుంది. ఇది జీవితాంతం ఉండే జబ్బు. రెండోది గ్లూటెన్ పడకపోవడం. ఇందులో ఉబ్బరం, నొప్పి, నీరసం, తల బరువు ఉంటాయి గానీ పేగుకు ఆ దెబ్బ తగలదు, రక్తంలో ఆ జబ్బు ఆనవాళ్లూ కనిపించవు. మూడోది గోధుమ ఎలర్జీ. తిన్న కొద్ది నిమిషాల్లోనో గంటల్లోనో దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తాయి. దానికి పరీక్షలు, జాగ్రత్తలు వేరు కాబట్టి ఈ ఉత్తరంలో దాని జోలికి వెళ్లను.

మొదటి రెండింటికీ పైకి కనిపించే లక్షణాలు దాదాపు ఒకటే. గోధుమ మానితే రెండింటిలోనూ హాయిగా ఉంటుంది. అందుకే "మానేస్తే తగ్గింది" అన్న ఒక్క మాటతో ఏది ఏదో తేల్చలేం. తేల్చకపోతే నష్టమేమిటంటారా? గ్లూటెన్ పడనివాళ్లు పెళ్లిలో రెండు పూరీలు తిన్నా ఆ పూటకు కడుపు బాధతో పోతుంది. సీలియాక్ ఉన్నవాళ్లకు అలా కాదు. అప్పుడప్పుడు తినే ఆ కాస్తతోనే పేగు లోపల దెబ్బ కొనసాగుతుంది. ఏళ్లు గడిచేసరికి అది రక్తహీనతగా, ఎముకలు గుల్లబారడంగా, బిడ్డలు నిలవకపోవడంగా బయటపడుతుంది. అరుదుగా పేగు లింఫోమా అనే కాన్సర్‌కూ దారితీస్తుంది. ఒకరు కాస్త చూసుకుని తింటే చాలు, ఇంకొకరు రేణువు కూడా తగలకుండా బతకాలి. ఈ ఇద్దరిలో మీరెవరో తెలియకుండా గోధుమ డబ్బా బయట పెట్టేస్తే, ఎంత కచ్చితంగా ఉండాలో మీకూ తెలియదు, ఇంట్లోవాళ్లకూ తెలియదు.

ఇక "మనకు రాదు" అన్న ధీమా సంగతి. 2016లో బి.ఎస్. రామకృష్ణ, గోవింద్ మఖారియా తదితర వైద్యులు మన దేశంలో మూడు ప్రాంతాల ప్రజలను పరీక్షించి ఒక అధ్యయనం ప్రచురించారు. ఉత్తరాదిలో, ఈశాన్యంలో, దక్షిణాదిలో కలిపి 23,331 మంది పెద్దవాళ్ల రక్తం చూశారు. దక్షిణాది వాళ్లను తమిళనాడులోని వెల్లూరు ప్రాంతంలో పరీక్షించారు. సీలియాక్ ఆనవాళ్లు ఉత్తరాదిలో వందమందిలో ఒకరికి పైగా కనిపిస్తే, దక్షిణాదిలో వెయ్యిమందిలో ఒక్కరికే కనిపించాయి. ఇంతవరకు చదివితే మన ధీమా నిజమేననిపిస్తుంది.

అసలు విషయం ఆ తర్వాత ఉంది. ఈ జబ్బు రావడానికి ఒంట్లో ఉండాల్సిన జన్యువులు రెండు, డీక్యూ2, డీక్యూ8. ఈ రెంటిలో ఏదో ఒకటి ఉంటేనే జబ్బు వచ్చే వీలుంది. ఆ జన్యువులు ఉత్తరాదిలో నూటికి 38 మందిలో, దక్షిణాదిలో నూటికి 36 మందిలో కనిపించాయి. అంటే పుట్టుకతో వచ్చే వీలు రెండు చోట్లా దాదాపు ఒకటే. మరి తేడా ఎక్కడ? ఉత్తరాదిలో మనిషి రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే, దక్షిణాదిలో 25 గ్రాములే తింటున్నట్టు తేలింది. తేడాకు గోధుమ ఒక్కటే కారణమని ఆ అధ్యయనం నిరూపించలేదు, వేరే కారణాలూ ఉండవచ్చు. కానీ మన రక్తంలో ఏదో ప్రత్యేకమైన కవచం ఉందన్న నమ్మకానికి మాత్రం అందులో ఆధారం లేదు.

మనలాంటి వాళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. రైలు పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. 1931లో రాయ్‌పూర్–విజయనగరం లైను పూర్తయ్యాక ఆ రాకపోకలు మరింత సులువయ్యాయి. చత్తీస్‌గఢ్ వరి పండే నేలే, పక్కింటి వాళ్లు తినే చీలా, ఫరా, బోరే బాసీ అన్నీ బియ్యంవే. కానీ రైల్వే కాలనీల్లో, పట్నంలో రాత్రి భోజనం ఎప్పుడో రోటీకి మారిపోయింది. ఇంట్లో ఒకరికి షుగరు వచ్చిందంటే చాలు, ఆ రోజు నుంచి ఇల్లంతా చపాతీలే. తాతలు వారానికి ఒకసారి పూరీ రూపంలో చూసిన గోధుమను మనవళ్లు రోజుకు రెండు పూటలా తింటున్నారు. జన్యువు ఎప్పటినుంచో ఉన్నదే, తిండి మారింది.

చపాతీకీ రక్తహీనతకూ ఏమిటి సంబంధమని మీరు అడగవచ్చు. చిన్నపేగు లోపలి గోడ నున్నగా ఉండదు. తుండుగుడ్డ మీద పోగులు లేచినట్టు లక్షల కొద్దీ చిన్న చిన్న మొనలు లేచి ఉంటాయి. తిన్నదాంట్లోని సారమంతా ఆ మొనలే పీల్చుకుంటాయి. సీలియాక్‌లో అవి అరిగి, పొట్టివై, చివరకు గోడ చదునుగా తయారవుతుంది. ఆ దెబ్బ ఎక్కువగా తగిలేది చిన్నపేగు మొదటి భాగానికి, అంటే ఇనుము ఒంటికి పట్టే చోటికే. అందుకే చాలామందిలో జబ్బుకు మొదటి గుర్తు విరేచనాలు కావు, మాత్రలకు లొంగని రక్తహీనత. పిల్లల్లో ఎత్తు పెరగకపోవడం, బరువు నిలిచిపోవడం, పెద్దల్లో నోటి పూత మాటిమాటికీ రావడం, లివరు పరీక్షలో అంకెలు కారణం లేకుండా పెరగడం, మోచేతుల మీదా మోకాళ్ల మీదా విపరీతంగా దురదపెట్టే పొక్కులు, ఇవన్నీ దీని ముఖాలే. మనవైపు ఇది తప్పిపోవడానికి ఒక కారణముంది. రక్తం తక్కువగా ఉందంటే డాక్టరుకు ముందు తట్టేవి సికిల్ సెల్, నులిపురుగులు, నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం. అవి ఇక్కడ నిజంగానే ఎక్కువ కాబట్టి అలా ఆలోచించడం తప్పుకాదు. వాటికి వైద్యం చేశాక కూడా రక్తం పెరగనప్పుడు మాత్రం సీలియాక్ గుర్తుకు రావాలి.

ఒక ఇల్లు ఊహించుకుందాం. ఆవిడకు 32 ఏళ్లు, విజయనగరం నుంచి పెళ్లై మంగ్లాకు వచ్చారు. పుట్టింట్లో మూడు పూటలా అన్నమే. ఇక్కడ మామగారి షుగరు వల్ల రాత్రి చపాతీలు, పొద్దున గోధుమరవ్వ ఉప్మా. నాలుగేళ్లుగా ఇదే వరస. ఏడాదిగా కడుపుబ్బరం, నీరసం. హిమోగ్లోబిన్ 8.6 ఉంది. ఇనుము మాత్రలు మూడు నెలలు మానకుండా వేసుకున్నారు, 9.1కి వచ్చి ఆగింది. మామూలుగా ఇనుము ఒంటికి పడుతుంటే నెల తిరిగేసరికే ఒకటో రెండో పాయింట్లు పెరగాలి. ఇంతలో పక్కింటి వదినగారు, "గోధుమ మానెయ్యి అమ్మాయ్, మా ఆడపడుచుకి అలాగే తగ్గింది" అన్నారు. ఇక్కడ దారి రెండుగా చీలుతుంది.

మొదటి దారిలో ఆవిడ మరుసటి రోజే చపాతీలు మానేస్తారు. మూడు వారాల్లో ఉబ్బరం తగ్గుతుంది. ఇంట్లో అందరూ సంతోషిస్తారు. కానీ పండక్కి సేమియా పాయసం ఉంటుంది. సాంబారులో ఇంగువ ఉంటుంది, ఆ ఇంగువ డబ్బాలో మైదా కలిసి ఉంటుంది. బియ్యప్పిండి ఆడించేది గోధుమలు ఆడే చక్కీలోనే. అలా తెలియకుండా రోజూ కాస్త గ్లూటెన్ లోపలికి వెళుతూనే ఉంటుంది. ఎనిమిది నెలల తర్వాత రక్తం ఇంకా 9.5 దగ్గరే ఉందని పెద్ద డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన సీలియాక్ పరీక్ష రాస్తారు. ఫలితం మామూలుగా వస్తుంది. ఎందుకంటే ఆ పరీక్ష వెతికేది గ్లూటెన్‌ను చూసి ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలను. గోధుమ బాగా తగ్గించాక అవి కొన్ని వారాల్లోనే తగ్గడం మొదలై, చాలామందిలో ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మామూలు స్థాయికి వచ్చేస్తాయి. పేగు గోడ కూడా కొంత కోలుకుని ఉంటుంది, ముక్క తీసి చూసినా "అటూ ఇటూ కానట్టుంది" అని రిపోర్టు వస్తుంది. జబ్బు ఉంది, సాక్ష్యం సగం చెరిగిపోయింది. ఆవిడకు "గ్యాస్ ట్రబుల్" అని రాసి పంపేస్తారు. ఆవిడ చెల్లెలికి, ఆరేళ్ల కూతురికి పరీక్ష చేయించాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

రెండో దారిలో ఆవిడ గోధుమ మానకుండా, తినే తిండి తింటూనే రక్తం ఇస్తారు. రాయించుకోవాల్సిన పరీక్షలు రెండు. ఒకటి టీటీజీ ఐజీఏ. రెండోది మొత్తం ఐజీఏ. ఈ రెండోది ఎందుకంటే, కొందరి ఒంట్లో పుట్టుకతోనే ఐజీఏ అనే రకం యాంటీబాడీలు తయారుకావు. అలాంటివాళ్లు సీలియాక్ రోగుల్లో నూటికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్లలో మొదటి పరీక్ష ఎప్పుడూ "లేదు" అనే చెబుతుంది, అది నమ్మరాని "లేదు". మొత్తం ఐజీఏ బాగా తక్కువగా ఉందని తేలితే ఐజీజీ రకం పరీక్షలకు వెళ్లాలి. మన ఊహలోని ఆవిడకు మొత్తం ఐజీఏ మామూలుగానే ఉంది. టీటీజీ మాత్రం ఆ ల్యాబు హద్దు 20 అయితే 160 వచ్చింది, అంటే ఎనిమిది రెట్లు.

ఇక్కడితో ఆగిపోకూడదు. టీటీజీ కొద్దిగా పెరగడం వేరే కారణాల వల్ల కూడా జరుగుతుంది, ఒక్కో కంపెనీ కిట్టుకు ఒక్కో హద్దు ఉంటుంది. మన దగ్గర జియార్డియా అనే పరాన్నజీవి, పేగు టీబీ, ట్రాపికల్ స్ప్రూ అనే జబ్బు కూడా పేగు మొనలను అరగదీయగలవు. అందుకే పెద్దవాళ్లలో రక్త పరీక్షనూ పేగు ముక్కనూ రెండింటినీ కలిపి చూసి జబ్బు పేరు పెడతారు. నోట్లోంచి సన్నని గొట్టం వేసి ఎండోస్కోపీ చేసి, చిన్నపేగు రెండో భాగం నుంచి కనీసం నాలుగు ముక్కలు, దాని మొదట్లోని ఉబ్బు నుంచి ఒకటో రెండో ముక్కలు తీస్తారు. దెబ్బ అక్కడక్కడా మచ్చలుగా ఉండవచ్చు కాబట్టి ఒక్క ముక్కతో సరిపోదు. ఒక మాట గుర్తుంచుకోండి: "పోయినేడు ఎండోస్కోపీ చేయించాను, అంతా బాగుందన్నారు" అంటే సీలియాక్ లేదని కాదు. పైకి చూస్తే గోడ మామూలుగానే కనిపించవచ్చు. ముక్కలు తీశారా లేదా అన్నది పాత రిపోర్టులో చూడండి.

ఆవిడ ముక్కల్లో మొనలు సగానికి పైగా అరిగి ఉన్నాయి. డాక్టర్లు దాన్ని మార్ష్ 3 అంటారు. ఇప్పుడు సందేహం లేదు. ఆ రోజు నుంచే గోధుమ, బార్లీ పూర్తిగా బంద్. ఆరు నెలలకు టీటీజీ మళ్లీ చూస్తే తగ్గుతూ ఉంటుంది, ఇనుము మాత్రలు ఈసారి పని చేస్తాయి, హిమోగ్లోబిన్ పైకి లేస్తుంది. అంకె తగ్గకపోతే ఎక్కడో గ్లూటెన్ దొంగచాటుగా వస్తోందని అర్థం, వెతకడానికి ఒక ఆధారం దొరికినట్టే. సీలియాక్ రోగుల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లిదండ్రులు, పిల్లల్లో నూటికి ఏడుగురికి పైగా ఈ జబ్బు బయటపడుతుంది కాబట్టి చెల్లెలికీ కూతురికీ కూడా రక్తం చూస్తారు. కూతురికి లక్షణాలేవీ లేకపోయినా చూడటం మంచిదే. పిల్ల పొట్టిగా ఉండిపోవడమే ఆ జబ్బు గుర్తు కావచ్చు.

పరీక్షలో "లేదు" అని వచ్చినంత మాత్రాన నమ్మేయకుండా మన ఇళ్లలో ఒకటి చూసుకోవాలి. అన్నం మీదే నడిచే ఇంట్లో గోధుమ చాలా తక్కువగా తింటుంటే యాంటీబాడీలు కనిపించేంతగా తయారుకాకపోవచ్చు. వారానికి ఒకసారి ఉప్మా తినేవాళ్లు పరీక్ష చేయించుకుని "నాకు లేదట" అని నిశ్చింతగా ఉండటం తొందరపాటు. పరీక్ష రాసేటప్పుడు "మేం రోజూ గోధుమ తినం, వారానికి ఇన్నిసార్లే" అని డాక్టరుకు చెప్పండి. ఆ ఒక్క మాటతో ఫలితాన్ని చదివే తీరు మారుతుంది.

మరి ఇప్పటికే మానేసినవాళ్లు? మానేసి పది రోజులో రెండు వారాలో అయితే కంగారు లేదు, వెంటనే వెళ్లి రక్తం ఇచ్చేయండి. అంత తొందరగా అన్నీ చెరిగిపోవు. నెలలు గడిచి ఉంటే మొదట జన్యు పరీక్ష అడగవచ్చు. దానికి తిండితో సంబంధం లేదు, గోధుమ మానేసినా ఫలితం మారదు. డీక్యూ2, డీక్యూ8 రెండూ లేవని వస్తే సీలియాక్ దాదాపు లేనట్టే, అక్కడితో ఆ తలుపు మూసేయవచ్చు. ఉన్నాయని వస్తే మాత్రం జబ్బు ఉన్నట్టు కాదు, మనలో మూడోవంతు మందికి అవి ఉన్నాయని పైన చెప్పాను కదా. అప్పుడు మళ్లీ గోధుమ తిని పరీక్ష చేయించుకోవడమే దారి. రోజుకు కనీసం మూడు గ్రాముల గ్లూటెన్ రెండు వారాల నుంచి ఎనిమిది వారాల దాకా తినిపించి, తర్వాత పరీక్షిస్తారు. ముప్ఫై గ్రాముల పిండితో చేసిన చపాతీలో రెండున్నర గ్రాముల గ్లూటెన్ ఉంటుంది, అంటే రోజుకు రెండు చపాతీలు సరిపోతాయి. తట్టుకోగలిగితే ఆరు వారాలకు తక్కువ కాకుండా తింటే ఫలితం గట్టిగా నమ్మవచ్చు. ఇది డాక్టరుతో మాట్లాడకుండా చేసే పని కాదు. అయిదేళ్లలోపు పిల్లలకూ, ఎదిగే వయసులో ఉన్న పిల్లలకూ సాధారణంగా దీన్ని వాయిదా వేస్తారు. గోధుమ తిన్న వెంటనే పెదవులు వాచేవాళ్లు అసలు ప్రయత్నించకూడదు. చూశారా, ముందు ఒక్కసారి సూది పొడిపించుకుంటే పోయేదానికి తర్వాత ఆరు వారాల కడుపునొప్పి పడాల్సి వస్తుంది. ఆ బాధకు జడిసి చాలామంది పరీక్షే వద్దనుకుంటారు, జబ్బు పేరు జీవితాంతం తేలకుండా ఉండిపోతుంది.

అన్నీ సరిగ్గా చేయించుకున్నారు, సీలియాక్ లేదని తేలింది, గోధుమ ఎలర్జీ కూడా లేదు, అయినా చపాతీ తింటే కడుపు ఉబ్బుతోంది. అప్పుడు మిగిలేదే గ్లూటెన్ పడకపోవడం. దీన్ని పట్టించే రక్త పరీక్ష ఇంతవరకు లేదు. "ఫుడ్ సెన్సిటివిటీ టెస్ట్" పేరుతో వందల రకాల తిండికి ఐజీజీ చూసి జాబితా ఇచ్చే ప్యాకేజీలు అమ్ముతున్నారు, వాటితో ఇది తేలదు. డబ్బు పెట్టకండి.

పైగా తప్పు గ్లూటెన్‌దేనా అన్నది కూడా అనుమానమే. నార్వేలోని ఓస్లోలో చేసిన ఒక ప్రయోగాన్ని 2018లో ప్రచురించారు. సీలియాక్ లేదని తేలాక కూడా, గ్లూటెన్ పడదనుకుని తమంతట తాము గోధుమ మానేసిన 59 మందిని తీసుకున్నారు. వాళ్లకు ఒక్కోరకం మ్యూస్లీ బార్‌ను వారం చొప్పున తినిపించారు. ఒకదానిలో గ్లూటెన్ ఉంది, ఇంకొకదానిలో ఫ్రక్టాన్ అనే పిండిపదార్థం ఉంది, మూడోదానిలో రెండూ లేవు. ఏ వారం ఏది తింటున్నారో తినేవాళ్లకు తెలియదు. చివర్లో లెక్క చూస్తే గ్లూటెన్ వారంలో ఎక్కువ బాధపడ్డది 13 మంది, ఫ్రక్టాన్ వారంలో 24 మంది, ఏమీ లేని వారంలో 22 మంది. ఫ్రక్టాన్ గోధుమలోనూ ఉంటుంది, ఉల్లిపాయలోనూ వెల్లుల్లిలోనూ ఉంటుంది. పేగులో అరగకుండా మిగిలి, పెద్దపేగులోని సూక్ష్మజీవుల చేతిలో పులిసి గ్యాస్ పుట్టిస్తుంది. అంటే రోటీతో తిన్న ఉల్లిపాయ మసాలా కూర బాధను కూడా పాపం చపాతీయే మోస్తుండవచ్చు. పాలు అరగకపోవడం, పేగు కదలికల్లో తేడాలూ ఇలాగే గోధుమ పేరు మీద చెలామణి అవుతాయి.

కాబట్టి ఈ రకం వాళ్లు చేయాల్సింది కచ్చితమైన నిషేధం కాదు, నిదానంగా వెతుక్కోవడం. ఆరు వారాలు గోధుమ తగ్గించి చూడండి. తగ్గిందా, మళ్లీ కొద్దికొద్దిగా మొదలుపెట్టి ఎంత దాకా ఒంటికి పడుతుందో చూసుకోండి. రెండు చపాతీలు పడితే రెండే తినండి, ఇంగువ గురించి భయపడనక్కర్లేదు. తగ్గకపోతే గోధుమను వదిలేసి ఉల్లి, వెల్లుల్లి, పాలు, పప్పుల్లో ఒక్కొక్కదాన్నీ వేరువేరుగా చూడండి. అన్నీ ఒకేసారి మానేస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు. ఈ వెతుకులాట అంతా సీలియాక్ లేదని తేలాకే మొదలవ్వాలి.

సీలియాక్ ఉందని తేలినవాళ్లకు రెండు మాటలు. అన్నం తినే ఇంట్లో పుట్టడం మీ అదృష్టం. బియ్యం, జొన్న, సజ్జ, రాగి, మొక్కజొన్న, ఇక్కడి కోదో, కుట్కీ, వీటన్నింట్లోనూ గ్లూటెన్ లేదు. ఇడ్లీ, పెసరట్టు, చద్దన్నం, ఇక్కడివాళ్ల అంగాకర్ రోటీ ఏవీ వదులుకోనక్కర్లేదు. ప్రమాదం ధాన్యంలో కంటే అది ఆడిన చోట ఉంది. గోధుమలు ఆడిన చక్కీలో బియ్యం ఆడిస్తే ఆ పిండి మీకు పనికిరాదు. ముందు పది కిలోలు వేరేవాళ్ల బియ్యం ఆడాక మీవి వేయించుకున్నా మరలో మిగిలిన గోధుమ పూర్తిగా పోయినట్టు చెప్పలేం. ఇంట్లో చిన్న మిక్సీ ఒకటి దీనికోసమే ఉంచుకోవడం మేలు. చపాతీలు కాల్చే పెనం మీద దోసె వేయకండి, పూరీలు వేయించిన నూనెలో వడియాలు వేయించకండి. మైదా కలవని ముద్ద ఇంగువ దొరికితే వాడండి, లేకపోతే మానండి. మాల్టు కలిపిన పాలపొడులు, సోయా సాస్, దుకాణంలో కొన్న ఓట్స్ ముందుగా అనుమానించాల్సినవి. పాకెట్ మీద గ్లూటెన్ లేదని రాయాలంటే మన దేశపు ఆహార నిబంధన ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదు, ఆ రాత ఉన్నది చూసి కొనండి. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ నెలల తరబడి తింటే పేగు మళ్లీ దెబ్బతింటుందని తేల్చారు. పైన చెప్పిన చపాతీలో అది యాభయ్యోవంతు, చిటికెడు పిండి కంటే కాస్త ఎక్కువ అంతే.

మీలో ఎవరైనా డాక్టరు దగ్గరికి వెళుతుంటే ఒక కాగితం మీద ఇవి రాసుకు వెళ్లండి. గోధుమ ఇప్పుడు తింటున్నారా, రోజుకు ఎంత, ఎప్పటినుంచి. మానేసి ఉంటే ఏ తారీఖు నుంచి. ఇనుము మాత్రలు ఎన్ని నెలలు వేసుకున్నారు, ముందు రక్తం ఎంత, తర్వాత ఎంత. ఇంట్లో రక్తసంబంధీకుల్లో ఎవరికైనా సీలియాక్, చిన్నప్పుడే వచ్చిన షుగరు, థైరాయిడ్ ఉన్నాయా. ఆ కాగితం చూశాక టీటీజీ ఐజీఏతో పాటు మొత్తం ఐజీఏ కూడా రాయమని అడగడానికి మొహమాటపడకండి. బిలాస్‌పూర్‌లోనే రక్తం ఇవ్వవచ్చు, ఫలితం తేడాగా ఉంటే పేగుల డాక్టరు దగ్గరికి పంపమనండి. అప్పటిదాకా మీ ఇంటి చపాతీల డబ్బా ఉన్నచోటే ఉండనివ్వండి.

వచ్చే ఉత్తరంలో మీ ప్రశ్నల్లో ఎక్కువమంది అడిగిన ఇంకో విషయం, ఇనుము మాత్రలు ఎప్పుడు, దేనితో వేసుకోవాలన్నది రాస్తాను. రాసే ఉత్తరాల్లో మీ రిపోర్టుల్లోని అంకెలతో పాటు ల్యాబు హద్దు కూడా రాయండి, లేకపోతే అంకెకు అర్థం చెప్పలేను.

ఉంటాను,
మీ మంగ్లా మిత్రుడు